రాలేకపోయిన సమావేశానికి క్షమాపణ ఈమెయిల్: నా అనుభవం

14వ తేదీ మంగళవారం ఉదయం 11 గంటలకు నాకొక ఆన్‌లైన్ సమావేశం ఉంది. ఒక సంస్థ తన కొత్త ఉద్యోగుల కోసం వేయిస్తున్న శిక్షణ పుస్తకానికి సంపాదకత్వం నేను చూస్తున్నాను. ఆ సంస్థ శిక్షణ విభాగం అధిపతి, ఆమె బృందంలోని ఇద్దరు, నేను, మొత్తం నలుగురం ముప్పావుగంట కూర్చుని, మూడో అధ్యాయం పుస్తకంలో ఎక్కడ ఉండాలో, దరఖాస్తు నమూనాల్లో ఏవి అనుబంధంలోకి వెళ్లాలో తేల్చుకోవాలి. 20వ తేదీ సోమవారం సాయంత్రానికి పుస్తకం ముద్రణకు వెళ్లాలి కాబట్టి ఆ రెండు విషయాలూ తేలితే తప్ప పేజీల అమరిక ముందుకు సాగదు.

ఆ రోజు ఉదయం 9:20కి మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. లేవలేకపోయింది. అంబులెన్స్ వచ్చేసరికి 9:45, ఆసుపత్రి చేరేసరికి 10:10 అయింది. ఎక్స్‌రే తీశారు. తుంటి ఎముక విరిగిందని, శస్త్రచికిత్స చేయాలని చెప్పారు. నేను కాగితాల మీద సంతకాలు పెడుతూ, తమ్ముడికి ఫోన్ చేస్తూ, ఒక గది నుంచి మరో గదికి తిరుగుతూ ఉండిపోయాను. 11:25కి మళ్లీ ఫోన్ చూసుకునేసరికి శిక్షణ విభాగం అధిపతి నుంచి వచ్చిన మూడు కాల్స్, ఒక సందేశం కనిపించాయి. సందేశంలో ఇలా ఉంది: “20 నిమిషాలు చూశాం. అంతా క్షేమమేనా?”

ఆసుపత్రి వరండాలో నిలబడే జవాబు టైప్ చేసి పంపించాను: “క్షమించండి మేడమ్. ఇంట్లో అత్యవసర పరిస్థితి, ఆసుపత్రిలో ఉన్నాను. రేపు ఇదే సమయానికి కలుద్దాం.” ఇందులో మొదటి రెండు వాక్యాలూ సరైనవే. అలాంటి సమయంలో అంతకన్నా ఎక్కువ రాయనక్కర్లేదు, రాయలేము కూడా. నేను చేసిన తప్పు మూడో వాక్యంలో ఉంది. రేపు ఎలా ఉంటుందో ఆ నిమిషంలో నాకు తెలియదు. కాళ్లూ చేతులూ ఆడనప్పుడు జరిగిన లోటు వెంటనే పూడ్చేయాలనిపిస్తుంది, ఆ తొందరలోనే మనిషి మాట ఇచ్చేస్తాడు. మధ్యాహ్నం రెండింటికి వైద్యుడు వచ్చి శస్త్రచికిత్స బుధవారం ఉదయమే అన్నారు. తుంటి ఎముక విరిగినప్పుడు సాధారణంగా ఎక్కువ రోజులు ఆగరు, ఒకటి రెండు రోజుల్లోనే చేసేస్తారు. అంటే నేను సమావేశానికి వస్తానని చెప్పిన సమయానికి మా అమ్మ శస్త్రచికిత్స గదిలో ఉంటుంది. ఒకసారి రానివాణ్ని రెండోసారి కూడా రాకుండా చేసేది ఆ మూడో వాక్యమే.

సాయంత్రం అమ్మ నిద్రపోయాక, ఐదున్నర ప్రాంతంలో, అసలు ఈమెయిల్ రాయడానికి కూర్చున్నాను. ఇది మరుసటి రోజుకు వాయిదా వేయకూడదని నిశ్చయించుకున్నాను. ఉదయం పంపిన పొట్టి సందేశం ఒక్కరికే చేరింది, మిగిలిన ఇద్దరికీ ఏం జరిగిందో తెలియదు. పైగా బుధవారం 11 గంటల కోసం వాళ్లు తమ పనులు సర్దుకునే లోపే ఆ మాటను వెనక్కి తీసుకోవాలి.

మొదటి ముసాయిదా ఒక పేజీ దాటింది. అమ్మ ఎలా పడిందో, అంబులెన్స్ ఎంతసేపటికి వచ్చిందో, వైద్యుడు ఏమన్నాడో అన్నీ అందులో ఉన్నాయి. రాస్తున్నంతసేపూ అవన్నీ చెప్పవలసినవే అనిపించాయి, ఎందుకంటే నా మనసు నిండా అవే ఉన్నాయి. నాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక సీనియర్ సహోద్యోగికి ఫోన్ చేసి చదివి వినిపించాను. నేను ఆమెను అక్కా అనే పిలుస్తాను. పూర్తిగా విని ఆమె అంది: “ఇది అమ్మ గురించి రాసిన ఉత్తరంరా. వాళ్లు ఇరవై నిమిషాలు కూర్చున్న సంగతి ఇందులో ఎక్కడుంది?”

నిజంగానే ఎక్కడా లేదు. చివర్లో “కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను” అని ఒక వాక్యం మాత్రం ఉంది. రైలు ఆలస్యమైనా, కరెంటు పోయినా ప్రకటనల్లో వినిపించే వాక్యమది. అందులో అసౌకర్యం దానంతటదే కలుగుతుంది, కలిగించినవాడు కనిపించడు. “సమావేశం జరగలేకపోయింది” అని రాసినా అంతే. తెలుగులో కర్త లేకుండా వాక్యం నడపడం చాలా సులువు, క్షమాపణలో ఆ సులువే మనల్ని దెబ్బతీస్తుంది. “నేను రాలేదు, రాలేనని ముందుగా చెప్పనూ లేదు” అని కర్తను పెట్టి రాసినప్పుడే క్షమాపణ కోరుతున్నది దేనికో తేటపడుతుంది.

ఆ వాక్యం రాసేటప్పుడే ఇందులో రెండు వేర్వేరు విషయాలున్నాయని నాకు తెలిసివచ్చింది. రాలేకపోవడం నా చేతిలో లేదు. దానికి ఒక్క మాటలో కారణం చెబితే ఎవరైనా అర్థం చేసుకుంటారు. చెప్పకపోవడం మాత్రం పూర్తిగా నా చేతిలో లేనిది కాదు. అంబులెన్స్‌లో దాదాపు ఇరవై ఐదు నిమిషాలు ప్రయాణించాను, ఫోన్ చేతిలోనే ఉంది. ఆ సమావేశం నాకు గుర్తుకు రాలేదు, అంతే. ఫోన్ పనిచేయలేదనో సిగ్నల్ లేదనో రాయడానికి అవకాశం ఉంది, ఎవరూ ఆరా తీయరు. కానీ అది అబద్ధం. నిజంగా క్షమాపణ అడగవలసింది ఈ రెండో విషయానికే కాబట్టి అత్యవసర పరిస్థితిని దానికి అడ్డుపెట్టకూడదనుకున్నాను.

కారణం ఎంతవరకు చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. “అనివార్య కారణాల వల్ల” అని రాస్తే అది దాచినట్టు ఉంటుంది, చదివేవారు తమకు తోచినది ఊహించుకుంటారు. విరిగిన ఎముక పేరుతో సహా రాస్తే అవతలివారు సానుభూతి చెప్పవలసిన ఇబ్బందిలో పడతారు, పని వెనక్కి పోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, అది నా ఆరోగ్యం కాదు, మా అమ్మ ఆరోగ్యం. ఆమెను అడగకుండా ముగ్గురు పరాయివాళ్లకు వివరాలు రాసే హక్కు నాకు లేదు. చివరకు “కుటుంబంలో ఒకరిని ఉదయం అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది” అన్న ఒక్క వాక్యం ఉంచాను. ఏం జరిగిందో, ఎందుకు కదల్లేకపోయానో రెండూ అందులో వచ్చేశాయి. నిరూపణ కోసం ఆసుపత్రి కాగితం జతచేయాలన్న ఆలోచన కూడా ఒక క్షణం కలిగింది. అక్కతో అంటే ఆమె గట్టిగా వద్దంది. అడగని సాక్ష్యం చూపిస్తే అవతలివారు నమ్మరేమోనని మనమే అనుమానించినట్టవుతుంది.

ఈ నిర్ణయం మంచిదైందని రెండు రోజుల తర్వాత తెలిసింది. ముద్రణాలయానికి గడువు గురించి రాస్తూ శిక్షణ విభాగం అధిపతి అదే ఈమెయిల్ వరుసను వారికి ముందుకు పంపారు. కింద నా క్షమాపణ మొత్తం అలాగే ఉంది. ఈమెయిల్ మనం పంపినవారి దగ్గరే ఆగదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది కొత్త సమయం ఎంచుకోవడానికే. తప్పు చేసినవాడికి “మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు” అని రాయడం వినయంగా అనిపిస్తుంది. అయితే ఆ మాటతో పని అవతలివారి మీద పడుతుంది. ముగ్గురి తీరిక చూసుకుని, నన్ను అడిగి, మళ్లీ సరిచూసుకోవడం ఆమెకు అప్పగించినట్టవుతుంది. ఒకసారి నా వల్ల సమయం పోగొట్టుకున్నవారికి ఇంకో పని ఇవ్వడం నాకు సబబుగా తోచలేదు. అలాగని ఒకే ఒక్క సమయం చెబితే అది ఆజ్ఞలా ఉంటుంది. కాబట్టి రెండు సమయాలు ఇచ్చి, ఆ రెండూ కుదరకపోతే వారు చెప్పినది వింటాననడం సరైన మార్గమనిపించింది.

ఆ రెండూ నేను తప్పకుండా రాగలిగినవై ఉండాలి. బుధవారం శస్త్రచికిత్స. గురువారం అమ్మ దగ్గర నేనొక్కణ్నే ఉంటాను, తమ్ముడు రాత్రికి గాని చేరడు. అందుకే గురువారాన్ని పూర్తిగా వదిలేశాను. శుక్రవారం ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర మధ్య వైద్యులు చూడడానికి వస్తారని నర్సు చెప్పారు, ఆ తర్వాత తమ్ముడు అక్కడే ఉంటాడు. ముందు శుక్రవారం 10 గంటలు అని రాసుకున్నదాన్ని కొట్టేయడానికి ఇదొక కారణం. రెండో కారణం రాస్తున్నప్పుడే బయటపడింది. ఆ బృందంలో ఒకరు మరో దేశం నుంచి పనిచేస్తారు, ఆయన గడియారం మాకన్నా రెండు గంటలు వెనక ఉంటుంది. సమయం పక్కన ఆయన సమయం కూడా రాద్దామని 8 గంటలు అని టైప్ చేశాక, ఆయన పని మొదలయ్యేది 9కి అని గుర్తొచ్చింది. మా గడియారం ఒక్కటే రాసి ఉంటే ఆ సంగతి తోచేదే కాదు. 10ని 11:30 చేశాను, అది ఆయనకు 9:30. రెండో సమయం సాయంత్రం 4 గంటలు, ఆయనకు మధ్యాహ్నం 2.

“రేపు”, “ఎల్లుండి” అన్న మాటలు కూడా తీసేశాను. నేను మంగళవారం సాయంత్రం రాసినది ఎవరైనా బుధవారం ఉదయం చదివితే ఎల్లుండి గురువారం నుంచి శుక్రవారానికి మారిపోతుంది. వారమూ తేదీ రెండూ రాసి, క్యాలెండర్ తెరిచి, 17వ తేదీ శుక్రవారమేనా అని చూసుకున్నాను. రెండూ పొంతన కుదరకపోతే చదివేవారు ఏది నమ్మాలో తెలియక మళ్లీ అడుగుతారు. క్షమాపణ కోరుతూ రాసిన ఈమెయిల్‌కు అది మరీ పెద్ద లోపం.

ఇంకొకటి మిగిలింది. నేను రాకపోవడం వల్ల వారు పోగొట్టుకున్నది ఇరవై నిమిషాలే కాదు, ఒక నిర్ణయం. దానివల్ల ముద్రణ గడువు కదులుతుందా అన్నదే ఆమెకు అసలు బెంగ అయి ఉంటుంది. పేజీల అమరిక చేసేవారికి ఫోన్ చేసి అడిగాను. శుక్రవారం సాయంత్రానికి నిర్ణయం వచ్చినా శని, ఆదివారాల్లో కూర్చుని పూర్తి చేస్తామన్నారు. ఈ సంగతి ఈమెయిల్‌లో లేకపోతే క్షమాపణ ఎంత బాగా రాసినా ఆమె బెంగ తీరదు. అలాగే సమావేశంలో అడగాలనుకున్న రెండు ప్రశ్నలనూ రాసి పంపితే, వీలైతే ముందుగానే జవాబివ్వవచ్చు, శుక్రవారం పని తగ్గుతుంది.

6:40కి పంపిన ఈమెయిల్ ఇది. పాత ఆహ్వానం వచ్చిన వరుసలోనే, ముగ్గురికీ వెళ్లేలా పంపాను. విషయం గడిలో మాత్రం కొత్తగా రాశాను:

విషయం: ఈ రోజు (మంగళవారం, 14) సమావేశానికి రానందుకు క్షమాపణ, శుక్రవారం 17కి కొత్త సమయం

మేడమ్ గారికి, బృంద సభ్యులకు నమస్కారం.

ఈ రోజు ఉదయం 11 గంటల సమావేశానికి నేను రాలేదు, రాలేనని ముందుగా తెలియజేయనూ లేదు. మీరు ముగ్గురూ నా కోసం 20 నిమిషాలు ఎదురుచూశారు. ఇందుకు మీ అందరినీ క్షమాపణ కోరుతున్నాను.

కుటుంబంలో ఒకరిని ఉదయం అత్యవసరంగా ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆ హడావుడిలో సమావేశం సంగతి మీకు చెప్పాలన్నది నాకు తట్టలేదు. అది నా పొరపాటే.

బుధవారం 11 గంటలకు కలుద్దామని ఈ ఉదయం మేడమ్ గారికి సందేశం పంపాను. ఆ రోజు కూడా నేను ఆసుపత్రిలోనే ఉండాలని ఆ తర్వాత తెలిసింది. దయచేసి ఆ సమయాన్ని రద్దుగా భావించండి. నేను తప్పకుండా రాగలిగిన సమయాలు ఇవి:

శుక్రవారం, 17వ తేదీ, ఉదయం 11:30 నుంచి 12:15 వరకు (రెండు గంటలు వెనక ఉన్నవారికి ఉదయం 9:30)
శుక్రవారం, 17వ తేదీ, సాయంత్రం 4:00 నుంచి 4:45 వరకు (రెండు గంటలు వెనక ఉన్నవారికి మధ్యాహ్నం 2:00)

ఈ రెండూ కుదరకపోతే మీకు అనువైన సమయం చెప్పండి, దానికి తగ్గట్టు నేను సర్దుకుంటాను. పై రెండింటిలో ఏది ఎంచుకున్నా 20వ తేదీ ముద్రణ గడువు మారదని పేజీల అమరిక చేసేవారితో మాట్లాడి నిర్ధారించుకున్నాను.

మనం తేల్చుకోవలసిన రెండు ప్రశ్నలు జతచేసిన పత్రంలో ఉన్నాయి. వీలైతే గురువారం సాయంత్రంలోగా మీ అభిప్రాయం రాయండి, వీలు కాకపోతే శుక్రవారమే మాట్లాడుకుందాం.

నమస్కారాలతో,

ఇట్లు, అని కింద నా పేరు, ఫోన్ నంబరు పెట్టాను. విషయం గడిని వదిలేస్తే క్షమాపణ మాట ఇందులో ఒక్కసారే ఉంది. ముసాయిదాలో నాలుగుసార్లు ఉండేది. మొదటి దానికి బలం ఉంటుంది, నాలుగో దానికి అవతలివారు “ఫరవాలేదు” అనవలసిన బాధ్యత ఉంటుంది. “ఇకపై ఇలా జరగదు” అన్న వాక్యాన్నీ తీసేశాను. అత్యవసర పరిస్థితి రాదని నేనెలా మాట ఇవ్వగలను? ఆ రోజు ఉదయమే ఒక మాట ఇచ్చి చూశాను కదా.

క్యాలెండర్‌లో కొత్త ఆహ్వానం మాత్రం నేను పంపలేదు. పాత ఆహ్వానం ఆమె సృష్టించినది. సమయం ఖాయం కాకముందే నేనొకటి పంపితే, తర్వాత ఆమె తన ఆహ్వానాన్ని జరిపినప్పుడు ఒకే సమావేశానికి రెండు లింకులు తయారవుతాయి, ఎవరు ఎందులోకి వెళ్తారో తెలియదు. మరో పనిలో ఇద్దరం ఒక లింకులో, ఇద్దరు ఇంకో లింకులో పది నిమిషాలు కూర్చున్న అనుభవం నాకుంది.

రాత్రి 8:15కి ఆమె జవాబు వచ్చింది. “శుక్రవారం 11:30 ఖాయం. గడువు సంగతి చెప్పినందుకు ధన్యవాదాలు, నేను దాని గురించే ఆలోచిస్తున్నాను. ఇంట్లో వారు త్వరగా కోలుకోవాలి.” కాసేపటికి ఆమె పంపిన ఆహ్వానం కూడా వచ్చింది. అంగీకరించే ముందు తేదీ, సమయం మరోసారి చూసుకున్నాను. గురువారం మధ్యాహ్నం మరో దేశంలో ఉన్న సభ్యుడు మొదటి ప్రశ్నకు జవాబు రాశారు: మూడో అధ్యాయం ఐదో అధ్యాయం తర్వాతకు వెళ్లాలి. మిగిలిన ఇద్దరూ దానికి సరేనన్నారు.

శుక్రవారం 11:20కే లింకు తెరిచి కూర్చున్నాను. అందరూ వచ్చాక, “మంగళవారం మిమ్మల్ని ఎదురుచూసేలా చేశాను, క్షమించండి” అని ఒక్క వాక్యం చెప్పి పత్రం తెరిచాను. ఇంట్లో వారు ఎలా ఉన్నారని అడిగారు, కోలుకుంటున్నారని చెప్పాను. అనుబంధంలోకి వెళ్లవలసిన నమూనాలు ఆరు అని తేలింది. ముప్పావుగంట అనుకున్నది 18 నిమిషాల్లో ముగిసింది.

ఆ మధ్యాహ్నం నా ఫోన్‌లో ఒక సందేశం రాసి భద్రపరచుకున్నాను. అందులో కొత్త సమయం ప్రస్తావన లేదు: “అత్యవసర పరిస్థితి వచ్చింది, ఈ రోజు సమావేశానికి రాలేను, దయచేసి నా కోసం ఎదురుచూడకండి. కొత్త సమయంతో ఈ సాయంత్రంలోగా రాస్తాను.” ఇదే సందేశాన్ని తమ్ముడికి కూడా పంపాను. నేను పంపలేని స్థితిలో ఉంటే నా ఫోన్ తీసుకుని, ఆ రోజు క్యాలెండర్‌లో ఎవరి పేర్లున్నాయో చూసి, వారికి తను పంపాలి.